ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం రిజిస్ట్రేషన్: ఏ రకం సంస్థ, ఏ పేరు, ఏ కోడ్?

కారంపొడి_గుంటూరు
మాది గుంటూరు. ఏడాదిన్నరగా ఇంట్లోనే పచ్చళ్లు, కారప్పొడులు చేసి వాట్సాప్‌లో అమ్ముతున్నాను. నెలకు 55 వేల దాకా అమ్మకం ఉంటుంది. అందులో 20 వేలు హైదరాబాద్ పార్సిళ్లే. ఆహార పదార్థాలు అమ్మడానికి కావాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు మొదట్లోనే తీసుకున్నాను, మిగతావేమీ లేవు. పోయిన వారం బ్యాంకులో పిలిచి, సేవింగ్స్ ఖాతాలో ఇన్ని వ్యాపారం డబ్బులు పడకూడదు, కరెంట్ ఖాతా తెరవండి, దానికి సంస్థ పేరు మీద రెండు కాగితాలు తెమ్మన్నారు.

చిన్న పరిశ్రమ అని గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కోసం నెట్ సెంటర్‌కి వెళ్తే మూడు చోట్ల ఆగిపోయాను. సంస్థ రకం ఏమిటని అడిగింది. పేరు అడిగింది. తర్వాత మనం చేసే పని ఏదో చెప్పే ఎన్ఐసీ కోడ్ అడిగింది. నెట్ సెంటర్ అబ్బాయి "రిటైల్ షాపు అని పెట్టేద్దాం, 1500 ఇవ్వండి" అన్నాడు. నాకు నమ్మకం కుదరక వచ్చేశాను. పనిలో సగం మా తోడికోడలు చేస్తుంది, కాబట్టి పార్ట్‌నర్‌షిప్ పెట్టాలా అని కూడా అనుమానం. తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి_సుబ్బు
ముందు ఆ 1500 ఇవ్వకపోవడం మంచిదైంది. ఉద్యమ్ పూర్తిగా ఉచితం. udyamregistration.gov.in ఒక్కటే అసలు సైటు. గూగుల్‌లో పైన కనిపించేవాటిలో అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉండి డబ్బు అడిగేవి చాలా ఉన్నాయి. ఆధార్, పాన్, ఫోన్‌కి వచ్చే ఓటీపీ ఉంటే ఇరవై నిమిషాల పని. కాగితాలు అప్‌లోడ్ చేయాల్సిన పని కూడా లేదు.

జీఎస్టీ గురించి టెన్షన్ పడకండి. వస్తువులు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు దాటితేనే. మీది 6 లక్షల 60 వేలు. ఉద్యమ్ తీసుకుంటే పన్ను పని అయిపోయినట్టే.

వరంగల్_వనజ
సుబ్బు గారూ, 40 లక్షలు మీ ఆంధ్రాలో. మా తెలంగాణలో వస్తువులకు కూడా 20 లక్షలే. 2019లో చాలా రాష్ట్రాలు 40కి పెంచినప్పుడు మా దగ్గర పెంచలేదు. నేను కూడా 40 అనుకునే రెండేళ్లు గడిపాను.

డాలస్_కృష్ణ
ఇంటి వ్యాపారానికి ఇంత గొడవ ఎందుకండీ. మా ఆవిడ ఇక్కడ కేకులు చేస్తుంది. కౌంటీ క్లర్క్ ఆఫీసులో వ్యాపారం పేరు ఒక ఫారం మీద రాసి ఇచ్చాం. పన్ను రిటర్న్‌లో షెడ్యూల్ సీలో ఆరంకెల కోడ్ ఒకటి వేస్తాం. మీరూ అలాగే చేయండి.

తెనాలి_సుబ్బు
కృష్ణ గారూ, ఆవిడది గుంటూరు. టెక్సస్ కాదు.

డాలస్_కృష్ణ
అయ్యో, గుంటూరు అన్నది చూడలేదు. అయినా అక్కడి పచ్చడి ఇక్కడికి పంపితే ఎలాగో ఎవరైనా చెప్పండి, నాకు అవసరమే.

లెక్కలమాస్టారు
పాతికేళ్లు ఒక ఆడిటర్ దగ్గర పనిచేశాను. సుబ్బు గారు ఉచితం అన్నది నిజం. మిగతా రెండూ సరిచేయాలి, లేకపోతే ఈ అమ్మాయి ఇబ్బంది పడుతుంది.

ఒకటి, ఉద్యమ్ పన్ను రిజిస్ట్రేషన్ కాదు. చిన్న పరిశ్రమ అని గుర్తింపు, అంతే. ఆదాయపు పన్ను దారి ఆదాయపు పన్నుదే, జీఎస్టీ దారి జీఎస్టీదే.

రెండు, అసలు చిక్కు ఇక్కడే ఉంది. 40 లక్షల మినహాయింపు సొంత రాష్ట్రంలో అమ్మేవాళ్లకే. వేరే రాష్ట్రానికి వస్తువు అమ్మితే అమ్మకం ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ చెబుతుంది. గుంటూరు నుంచి హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రమే. మనకు అక్కడ సగం చుట్టాలుంటారు, పొరుగూరికి పంపినట్టే అనిపిస్తుంది. కానీ ఒక కిలో ఆవకాయ కొరియర్‌లో హైదరాబాద్ కొనుగోలుదారుకు వెళ్లినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే.

తెనాలి_సుబ్బు
ఇది నిజంగా నాకు తెలియదు మాస్టారూ. మా బావమరిది విజయవాడ నుంచి ఆన్‌లైన్ ట్యూషన్లు చెబుతాడు, పిల్లలు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్ల ఆడిటర్ 20 లక్షల దాకా అక్కర్లేదన్నాడు. అందుకే అలా చెప్పాను.

లెక్కలమాస్టారు
వాళ్ల ఆడిటర్ చెప్పింది సరైనదే. ట్యూషన్ సేవ. సేవలకు వేరే రాష్ట్రానికి ఇచ్చినా 20 లక్షల దాకా మినహాయింపు ఇచ్చారు. వస్తువులకు ఇవ్వలేదు. చేతితో చేసే హస్తకళల వస్తువులకు కొన్ని షరతులతో ఉంది, కానీ ఆ జాబితాలో తినే పదార్థాలు లేవు. కొండపల్లి బొమ్మకు ఉన్న వెసులుబాటు కొత్తావకాయకు లేదు.

కారంపొడి_గుంటూరు
మాస్టారూ, గుండె ఆగినంత పనైంది. ఏడాదిన్నరగా పంపుతున్నాను. మరి హైదరాబాద్ వాళ్లే ఇక్కడికొచ్చి తీసుకెళ్తే? పండగలకు సగంమంది అలాగే పట్టుకెళ్తారు. ఇంకో సంగతి, ఇక్కడి వాళ్లే డబ్బు కట్టి "మా అమ్మాయికి కూకట్‌పల్లి పంపండి" అంటారు. అదెలా?

లెక్కలమాస్టారు
మీ ఇంటికొచ్చి కొనుక్కుని పట్టుకెళ్తే, బిల్లు మీద వాళ్ల చిరునామా లేకపోతే, అమ్మకం జరిగిన చోటు మీ ఊరే. రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారుల విషయంలో 2023 అక్టోబరు నుంచి చట్టంలో ఈ మాట స్పష్టంగా రాశారు. చిరునామా రాస్తే ఆ చిరునామా ఉన్న రాష్ట్రం లెక్క.

కూకట్‌పల్లి అమ్మాయి సంగతి వేరు. డబ్బు ఎవరు కట్టినా సరుకు చేరే చిరునామానే బిల్లులో రాయాలని 2024 జూన్‌లో సర్క్యులర్ వచ్చింది. కాబట్టి అది తెలంగాణ అమ్మకం.

రేపల్లె_రవి
మరి నేను ఆర్టీసీ బస్సులో పార్సిల్ వేస్తాను. చిరునామా ఉండదు, పేరు, ఫోన్ నంబరే. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో వాళ్లొచ్చి తీసుకుంటారు. అప్పుడు చిరునామా రాయలేదు కాబట్టి మా ఊరి అమ్మకమేగా?

లెక్కలమాస్టారు
అలా వాదించేవాళ్లు ఉన్నారు రవీ. కానీ సరుకును మీరే పక్క రాష్ట్రానికి పంపారని ఆ పార్సిల్ రసీదే చెబుతుంది. దాన్ని నమ్ముకుని వ్యాపారం పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

రేపల్లె_రవి
చట్టంలో ఉన్న మాటే కదా నేను చెప్పేది. నేను ఒప్పుకోను.

సీఏ_ఇంటర్_శిరీష
సంస్థ రకం గురించి చెబుతాను. అక్కా, పార్ట్‌నర్‌షిప్ ఇప్పుడే వద్దు. ప్రొప్రైటర్‌షిప్ అంటే మీరూ వ్యాపారమూ ఒకటే. మీ పాన్‌తోనే ఉద్యమ్, జీఎస్టీ రెండూ వస్తాయి, ఆ ఆదాయం మీ రిటర్న్‌లోనే పడుతుంది. పార్ట్‌నర్‌షిప్ అయితే ఒప్పంద పత్రం రాయించాలి, ఫర్మ్‌కు వేరే పాన్ కావాలి, నష్టమొచ్చినా ఏటా రిటర్న్ వేయాలి. పైగా ఫర్మ్ లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను. మీకున్నట్టు శ్లాబులు ఉండవు.

లెక్కలమాస్టారు
30 శాతం నిజమే కానీ భాగస్థులకు ఇచ్చే జీతం తీసేశాక మిగిలిన లాభం మీదే. ఒప్పంద పత్రంలో జీతం రాసుకుంటే మొదటి 6 లక్షల లాభంలో 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది జీతం కింద తీసేయొచ్చు. ఈ అమ్మాయి లాభం ఏడాదికి రెండున్నర లక్షలనుకుంటే ఫర్మ్‌కు పన్నే పడకుండా రాసుకోవచ్చు. పన్ను భయంతో వద్దనకు శిరీషా.

సీఏ_ఇంటర్_శిరీష
ఒప్పుకున్నాను మాస్టారూ. కానీ ఆ జీతం మీద 2025 ఏప్రిల్ నుంచి టీడీఎస్ వచ్చింది కదా. ఒక భాగస్థుడికి ఏడాదికి 20 వేలు దాటితే ఫర్మ్ 10 శాతం కోసి కట్టాలి. దానికి పన్ను కోసేవాళ్లు తీసుకోవాల్సిన టాన్ నంబరు, ఆ రిటర్న్‌లు. రెండున్నర లక్షల లాభానికి ఇంత కాగితం పని ఎవరు చేస్తారు? తోడికోడలికి చేసిన పనికి నెల జీతం ఖాతాలో వేసి లెక్క రాసుకోవడం నయం.

లెక్కలమాస్టారు
పని విషయంలో నీ మాటే సరి. ఒక్కటే చూసుకోవాలి. తోడికోడలు జీతానికి చేస్తోందా, లాభంలో వాటా అనుకుని చేస్తోందా అన్నది ఇద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకోవాలి. ఒకరి పేరు మీద పెట్టాక వ్యాపారం పెరిగితే, తర్వాత పార్ట్‌నర్‌షిప్‌కి మారాలంటే పాన్ మారుతుంది. పాన్ మారితే జీఎస్టీ నంబరును సవరించడం కుదరదు, కొత్తది తీసుకోవాలి. ఉద్యమ్ కూడా అంతే.

కారంపొడి_గుంటూరు
తనతో మాట్లాడాను. "నాకు నెలకింతని ఇవ్వు అక్కా, సంతకాలు నాకొద్దు" అంది. కాబట్టి ప్రొప్రైటర్‌షిప్పే. మా వారి పేరు మీద పెడితే ఏమైనా లాభమా? ఆయన ప్రభుత్వ టీచరు.

వరంగల్_వనజ
వద్దే వద్దు! ప్రభుత్వ ఉద్యోగి తన పేరు మీద వ్యాపారం చేయకూడదు. మా అన్నయ్య ఇలాగే వదిన వ్యాపారానికి తన పాన్ ఇచ్చి, మెమో వచ్చాక ఏడాది తిరిగాడు.

లెక్కలమాస్టారు
నిజం. 1964 నాటి ప్రవర్తన నియమావళి ఉంది. మీ పేరు మీదే పెట్టండి. ఇంట్లో వాళ్లు వ్యాపారం చేస్తుంటే ఆ సంగతి పై అధికారికి రాతపూర్వకంగా ఇవ్వడం మంచిదని ఆయనకు చెప్పండి. ఒక కాగితం రాసి, అందినట్టు సంతకం తీసుకుంటే చాలు.

కుట్టుమిషన్_కళ
కోడ్ సంగతి ఎవరూ చెప్పలేదు. నాది టైలరింగ్. ఉద్యమ్‌లో 14105 పెట్టాను, కస్టమ్ టైలరింగ్. ముందు ఎవరో బట్టల షాపు కోడ్ పెట్టించారు. తర్వాత నేనే సైట్‌లోకి వెళ్లి మార్చుకున్నాను. మార్చడానికీ డబ్బులు తీసుకోరు.

సీఏ_ఇంటర్_శిరీష
కళ గారు చెప్పిందే ఇక్కడా. అక్కా, ఆ అబ్బాయి మాట విని రిటైల్ అని పెట్టొద్దు. మీరు సరుకు కొని అమ్మట్లేదు, తయారు చేస్తున్నారు. ఫారంలో తయారీ, సేవలు, వ్యాపారం అని మూడు ఉంటాయి. తయారీ ఎంచుకోండి. తర్వాత ఎన్ఐసీలో మొదట రెండంకెల భాగం, అంటే 10 ఆహార పదార్థాల తయారీ. అందులోంచి దిగుతూ ఐదంకెల దాకా వెళ్లాలి.

పచ్చళ్లకు 10306. కారప్పొడులకు 10795, అంటే మసాలాలు దంచడం, ఆడించడం. వడియాలు, అప్పడాలు కూడా చేస్తే 10796. ఒకటి కంటే ఎక్కువ కోడ్‌లు జోడించవచ్చు. అందుకని కనిపించిన కోడ్‌లన్నీ వేయకండి, నిజంగా చేసేవే వేయండి.

నూజివీడు_నాగమణి
రిటైల్ అని పెడితే ఏమవుతుందో నాకు జరిగింది. మాది మామిడి తాండ్ర. మా ఊరి నెట్ సెంటర్‌లో 47తో మొదలయ్యే కోడ్ పెట్టారు, అది చిల్లర వ్యాపారం. తర్వాత ఆహార తయారీ వాళ్లకిచ్చే పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఎండబెట్టే యంత్రానికి లోన్ అడిగాను. అందులో 35 శాతం సబ్సిడీ. బ్యాంకు వాళ్లు ఉద్యమ్ కాగితం చూసి "మీరు తయారీదారు కాదు, వ్యాపారి అని ఉందే" అని ఫైలు వెనక్కిచ్చారు. కోడ్ మార్చుకుని మళ్లీ వెళ్లేసరికి ఆ ఏడు మామిడి సీజన్ దాటిపోయింది.

లెక్కలమాస్టారు
నాగమణి గారిది చాలామందికి ఎదురయ్యేదే. చిల్లర, టోకు వ్యాపారులను 2021 జులైలో ఉద్యమ్‌లోకి తెచ్చారు కానీ, బ్యాంకు ప్రాధాన్య రుణాల వరకే. తయారీదారుకు ఉండే మిగతా లాభాలు వాళ్లకు రావు. రెండు నిమిషాల్లో పెట్టే ఐదంకెల మీద అంతుంది.

ఇంకోటి గమనించండి. కోడ్ అనే మాట మూడు చోట్ల వస్తుంది, మూడూ వేరు. ఉద్యమ్‌లో ఎన్ఐసీ, అది మీరు చేసే పనికి. జీఎస్టీలో హెచ్ఎస్ఎన్, అది మీరు అమ్మే వస్తువుకు. పచ్చళ్లకు సాధారణంగా 2001 వాడతారు. ఆదాయపు పన్ను రిటర్న్‌లో వ్యాపార కోడ్ ఇంకో జాబితాలోంచి ఎంచుకోవాలి. 10306ని జీఎస్టీ ఫారంలో వెతికి దొరకలేదని కంగారు పడినవాళ్లను చూశాను. అక్కడ అది ఉండదు.

కారంపొడి_గుంటూరు
ఇప్పుడు అర్థమైంది. పేరు సంగతి చెప్పండి. మా పాప పేరుతో "పచ్చళ్లు" కలిపి ఎఫ్ఎస్ఎస్ఏఐలో ఇచ్చాను. మా వారేమో "గుంటూరు" అని రావాలంటున్నారు. బ్రాండ్ ఎవరూ కాపీ కొట్టకుండా ఉద్యమ్‌తో రక్షణ ఉంటుందా?

సీఏ_ఇంటర్_శిరీష
ఉండదు అక్కా. ఉద్యమ్‌లో, జీఎస్టీలో ఒకే పేరుతో వందమంది ఉండొచ్చు, సైటు ఆపదు. రక్షణ ట్రేడ్‌మార్క్‌తోనే. ముందు ట్రేడ్‌మార్క్ సైట్‌లో ఉచితంగా వెతకండి. అదే పేరు మీద ఆహార పదార్థాలకు ఎవరైనా ముందే తీసుకుని ఉంటే, మీరు డబ్బాలూ స్టిక్కర్లూ అచ్చేయించాక నోటీసు వస్తుంది. దరఖాస్తు ఫీజు ఒక తరగతికి 4500. పచ్చళ్లూ పొడులూ వేర్వేరు తరగతుల్లోకి వెళ్తాయి, రెండూ కావాలంటే రెండు ఫీజులు.

తెనాలి_సుబ్బు
ఉద్యమ్ ఉంటేనే 4500, లేకపోతే 9000 అని విన్నాను.

సీఏ_ఇంటర్_శిరీష
కంపెనీలకు అది నిజం. వ్యక్తి పేరు మీద వేసే ప్రొప్రైటర్‌కు ఉద్యమ్ లేకపోయినా 4500 అండీ.

లెక్కలమాస్టారు
ఉత్త ఊరి పేరును ట్రేడ్‌మార్క్‌గా ఇవ్వడానికి సాధారణంగా ఒప్పుకోరు. గుంటూరు అందరిదీ. పొడుల డబ్బా మీద "గుంటూరు సన్నం" అని రాయాలనుకుంటే ఇంకా జాగ్రత్త, ఆ మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది. మీ పాప పేరే నయం. "పచ్చళ్లు" బదులు "ఫుడ్స్" అని ఉంటే రేపు స్వీట్లు చేసినా పేరు సరిపోతుంది. మీ ఇష్టం.

నూజివీడు_నాగమణి
నేను ఒప్పుకోను మాస్టారూ. "ఫుడ్స్" అంటే ఏం అమ్ముతారో తెలియదు. పచ్చళ్లు అనే మాట చూస్తేనే ఫోన్ చేస్తారు.

వరంగల్_వనజ
ఏ పేరైనా పెట్టుకోండి, ఇంగ్లిష్ స్పెల్లింగ్ మాత్రం ఒక్కటే ఉండాలి. నాకు జరిగింది చెబుతాను. ఎఫ్ఎస్ఎస్ఏఐలో Pachallu అని ఉంది. ఉద్యమ్‌లో మా అబ్బాయి Pachchallu అని కొట్టాడు. కరెంట్ ఖాతాకు రెండు కాగితాలు తీసుకెళ్తే, ఇవి రెండు వేర్వేరు సంస్థలు అని బ్యాంకు వాళ్లు తిప్పి పంపారు. తెలుగులో చదివితే రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. ఉద్యమ్‌లో సవరించి మళ్లీ వెళ్లడానికి మూడు వారాలు పట్టింది.

కారంపొడి_గుంటూరు
అమ్మో, నా ఎఫ్ఎస్ఎస్ఏఐలో ఏముందో ఇప్పుడే చూశాను. Pachallu. అదే ఉంచేస్తాను. నాగమణి గారి మాటే నాకు నచ్చింది.

ఇక జీఎస్టీ. హైదరాబాద్ మానేసి 40 లక్షల లోపు ఉండనా, లేక తీసుకోనా? నెలకు 20 వేలు వదులుకోవాలంటే మనసొప్పట్లేదు. కాంపొజిషన్ అని ఒక్క శాతంతో పోయేది ఉందంటారు కదా?

లెక్కలమాస్టారు
కాంపొజిషన్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి వస్తువులు అమ్మకూడదు. మీ సమస్యకు అది పనికిరాదు. మామూలు రిజిస్ట్రేషనే కావాలి.

అదెంత బరువో ఒక కిలోతో చూద్దాం. కొరియర్‌తో కలిపి 600కి హైదరాబాద్ పంపారనుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పచ్చళ్ల మీద 12 శాతం పోయి 5 శాతం అయింది. 600లో పన్ను 28 రూపాయల 57 పైసలు. కొరియర్ చార్జీ విడిగా రాసినా అది కూడా అమ్మకం ధరలోనే కలుస్తుంది, తీసేసి లెక్కేయకండి.

ఇప్పుడు కొన్నవాటి మీద మీరు కట్టిన పన్ను. నూనె 120 అయితే దాని మీద 5 శాతం, 6 రూపాయలు. సీసా 20 మీద 18 శాతం, 3 రూపాయల 60 పైసలు. కొరియర్ 70 మీద 18 శాతం, 12 రూపాయల 60 పైసలు. మొత్తం 22 రూపాయల 20 పైసలు. ఇది మినహాయించుకుంటే మీరు కట్టేది కిలోకు 6 రూపాయల 37 పైసలు. మామిడికాయకు పన్ను లేదు కాబట్టి దాని మీద మినహాయింపూ లేదు.

కానీ నూనె కొట్టు, సీసాల కొట్టు, కొరియర్ ముగ్గురూ మీ జీఎస్టీ నంబరుతో బిల్లు ఇచ్చి, వాళ్ల రిటర్న్‌లో చూపిస్తేనే ఈ 22 రూపాయలు. చీటీ మీద రాసిచ్చిన లెక్కకు రావు. ఇంకోటి, రిజిస్టర్ అయ్యాక గుంటూరులో అమ్మేదాని మీద కూడా పన్ను కట్టాలి, హైదరాబాద్ వరకే కాదు. అక్కడ కొరియర్ ఉండదు కాబట్టి మినహాయింపు తగ్గి కట్టేది కాస్త పెరుగుతుంది.

రేపల్లె_రవి
కట్టే డబ్బు కాదు మాస్టారూ, రిటర్న్‌లు. నేనోసారి అవసరం లేకుండానే తీసుకుని, అమ్మకాలు లేవని రిటర్న్‌లు వేయలేదు. ఆలస్య రుసుము పడింది, ఆరు నెలలయ్యాక నంబరే రద్దు చేశారు.

సీఏ_ఇంటర్_శిరీష
అమ్మకం లేకపోయినా నిల్ రిటర్న్ వేయాల్సిందే రవి గారూ. రోజుకు 20 రూపాయలు, ఒక రిటర్న్‌కు 500 మించదు, కానీ నెలనెలా పేరుకుంటే భారమే. అక్కలాంటి వాళ్లు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి ఎంచుకోవచ్చు.

కారంపొడి_గుంటూరు
తీసుకుంటాను. ఇప్పటిదాకా పంపినవాటి సంగతి మాత్రం భయంగా ఉంది.

లెక్కలమాస్టారు
రిజిస్ట్రేషన్ ఎందుకు తీసుకుంటున్నారని ఫారం అడుగుతుంది. అంతర్రాష్ట్ర అమ్మకం అనే కారణం ఎంచుకోండి, ఐచ్ఛికం అని కాదు. ఆ బాధ్యత ఏ తేదీన మొదలైందని కూడా అడుగుతుంది. ఆ తేదీ ఏం రాయాలో, పాతదానికి పన్ను ఎలా కట్టాలో మీ పార్సిల్ రసీదులు పట్టుకుని ఒక సీఏ దగ్గర కూర్చుని తేల్చుకోండి. కాగితాలు చూడకుండా ఇక్కడ చెప్పకూడదు.

వ్యాపారం చేసే చోటుకు కూడా జీఎస్టీ ఫారంలో రుజువు పెట్టాలి. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?

కారంపొడి_గుంటూరు
మా అత్తగారి పేరు మీద. కరెంటు బిల్లు మాత్రం ఇంకా మామగారి పేరే, ఆయన పోయి నాలుగేళ్లు. అద్దె ఒప్పందం రాయాలా?

లెక్కలమాస్టారు
అక్కర్లేదు. సమ్మతి అనే వరుస ఎంచుకోండి. అత్తగారు తెల్లకాగితం మీద సమ్మతి రాసి సంతకం పెట్టాలి, ఆవిడ ఆధార్ కాపీ జోడించాలి. ఇల్లు ఆవిడదే అనడానికి ఒక్క కాగితం చాలు. కరెంటు బిల్లు పెట్టకండి, దాని మీది పేరు చూసి ప్రశ్న వేస్తారు. ఆవిడ పేరు మీదున్న ఇంటి పన్ను రసీదు పెట్టండి. అనవసరమైన కాగితాలు అడగొద్దని 2025 ఏప్రిల్‌లో అధికారులకు ఆదేశాలు కూడా ఇచ్చారు.

కుట్టుమిషన్_కళ
జీఎస్టీ ఫారంలో "ఫ్యాక్టరీ / తయారీ" అని టిక్ పెడితే ఇంటి కరెంటు మీటరు కమర్షియల్‌కి మారుస్తారని మా వీధిలో అంటున్నారు. నిజమేనా?

నూజివీడు_నాగమణి
నేను పెట్టాను, నా మీటరు జోలికి ఎవరూ రాలేదు. మా పక్కింటావిడకు మాత్రం మార్చారు. ఆవిడది పెద్ద గ్రైండర్లు, పనివాళ్లు. ఆ టిక్ వల్లో, వాడకం వల్లో ఎవరికీ తెలియదు.

కారంపొడి_గుంటూరు
మూడు వారాల తర్వాత వచ్చాను. ఉద్యమ్ ఇంట్లోనే కూర్చుని చేసుకున్నాను, పైసా ఖర్చు లేదు. తయారీ, 10306, 10795. పేరు ఎఫ్ఎస్ఎస్ఏఐలో ఉన్న స్పెల్లింగే.

జీఎస్టీకి ఒక సీఏ గారి దగ్గర వేయించాను, పాత పార్సిళ్ల లెక్క ఆయనే చూస్తున్నారు, అది ఇంకా తేలలేదు. మాస్టారు చెప్పినా, దరఖాస్తు రోజు ఇంటి పన్ను రసీదు దొరక్క కరెంటు బిల్లే పెట్టాం. సరిగ్గా మీరన్నట్టే బిల్లు మీది పేరు ఎవరిదని ప్రశ్న వచ్చింది. ఏడు పనిదినాల్లో జవాబివ్వాలి. అత్తగారి పెట్టెలో రసీదు వెతికి నాలుగో రోజున పెట్టాం. నిన్న నంబరు వచ్చింది, 37తో మొదలైంది.

వరంగల్_వనజ
శుభం! బ్యాంకుకు వెళ్లేముందు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చదవండి.

లెక్కలమాస్టారు
సంతోషం అమ్మా. గేటు దగ్గర సంస్థ పేరు, జీఎస్టీ నంబరు ఉన్న బోర్డు పెట్టాలి, మర్చిపోకు. సర్టిఫికెట్ కాపీ లోపల గోడకు కనిపించేలా ఉంచు.

కారంపొడి_గుంటూరు
బోర్డు రాయించడానికి తోడికోడలు వెళ్లింది మాస్టారూ. స్పెల్లింగ్ కాగితం మీద రాసిచ్చి పంపాను.

డాలస్_కృష్ణ
అమెరికా సంగతి ఎవరూ చెప్పలేదు.

లెక్కలమాస్టారు
అది ఎగుమతి కృష్ణ గారూ. ఐఈసీ అని ఇంకో నంబరు కావాలి, అక్కడి ఆహార నిబంధనలు వేరు. దానికి విడిగా ప్రశ్న పెట్టండి, రాస్తాను.